నిన్నటి రాత్రి కాల్, ఇవాళ్టి చిరాకు

బెంగళూరులో మారతహళ్లి పీజీల్లోనో వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలోనో ఉండే మనవాళ్లని "ఈమధ్య ఎందుకంత చిరాగ్గా ఉంటున్నావు?" అని అడిగితే, చాలామంది నోట ముందు వచ్చే మాట ట్రాఫిక్. అది నిజమే కావచ్చు. అయితే రోజూ గంటన్నర అవుటర్ రింగ్ రోడ్డు మీద గడిపే మనిషికి ట్రాఫిక్ ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది కాబట్టి, నెపం దానిమీదికి సులువుగా పోతుంది. అసలు కారణం ఏమిటో తేల్చుకోవడానికి రోజుకు అర నిమిషం రాత, వారానికి ఇరవై నిమిషాల లెక్క సరిపోతాయి. ఎలా రాయాలి, ఎలా లెక్కపెట్టాలి అన్నదగ్గరే జాగ్రత్త కావాలి.

ముందు జ్ఞాపకం సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. మరోసారి అవే 60 సెకన్ల తర్వాత ఇంకో 30 సెకన్లు ఉంచమని, ఆ సమయంలో నీటిని నెమ్మదిగా 15 డిగ్రీలకు తెచ్చారు. మూడోసారి ఏది కావాలో ఎంచుకోమంటే ఎక్కువమంది ఆ పొడవాటిదాన్నే కోరుకున్నారు. మొత్తం బాధ అందులోనే ఎక్కువ, కానీ చివర కాస్త తేలిగ్గా ముగిసింది. జ్ఞాపకం మొత్తం బాధని కూడి చూడదు. బాగా గట్టిగా తగిలిన క్షణాన్నీ చివరి క్షణాన్నీ పట్టుకుంటుంది. దీనికి తోడు గార్డన్ బవర్ 1981లో చూపించిన విషయం ఒకటుంది. వారంపాటు జరిగిన సంగతులు రాసుకున్నవాళ్లని తర్వాత గుర్తుచేసుకోమంటే, ఆ క్షణంలో సంతోషంగా ఉన్నవాళ్లకి మంచి సంగతులు, దిగులుగా ఉన్నవాళ్లకి చెడ్డ సంగతులు ఎక్కువగా గుర్తొచ్చాయి. అందుకే "ఈ వారం ఎలా గడిచింది" అన్న ప్రశ్నకు ఆదివారం సాయంత్రం, రేపు ఆఫీసన్న బెంగలో వచ్చే జవాబు మీద నాకు నమ్మకం తక్కువ. ఏ రోజుది ఆ రోజే రాయాలి.

రాయాల్సింది రెండు అంకెలు, కొన్ని గుర్తులు. మొదటి అంకె మనసు ఎలా ఉందన్నది: 1 అంటే చాలా బాగోలేదు, 5 అంటే చాలా బాగుంది. రెండో అంకె ఒంట్లో ఉత్సాహం ఎంత అన్నది, అదీ 1 నుంచి 5 దాకా. రెండూ విడివిడిగా ఎందుకంటే చిరాకూ నీరసమూ రెండూ బాగోలేనివే, కానీ చిరాకులో ఒళ్లు ఉడుకుతూ ఉంటుంది, నీరసంలో లేవబుద్ధి కాదు. వాటి కారణాలూ తరచుగా వేరువేరు. జేమ్స్ రసెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో భావాలను ఈ రెండు అక్షాల మీదే అమర్చి చూపించారు. ఇప్పటికీ చాలా పరిశోధనలు అదే పద్ధతి వాడుతున్నాయి. రోజూ ఒకే వేళకి రాయాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకరోజు, అర్ధరాత్రి ఒకరోజు రాస్తే, కనిపించే తేడా రోజుల మధ్యది కాదు, వేళల మధ్యది. రాత్రి తొమ్మిది చాలామందికి కుదురుతుంది.

గుర్తులంటే ఆ రోజు జరిగినవి, అయిదారుకు మించకుండా: "ఆఫీసు", "రాత్రి కాల్", "నిద్ర 6 లోపు", "సాయంత్రం కాఫీ", "ఇంటికి ఫోన్", "నడక". ప్రతి గుర్తూ పక్కవాడు చూసినా అవునో కాదో చెప్పగలిగేట్టు ఉండాలి. "చెత్త రోజు", "ఒత్తిడి" లాంటివి పనికిరావు; అవి మూడ్‌నే ఇంకో పేరుతో రాసినట్టు. మూడ్ బాగోలేనప్పుడల్లా "ఒత్తిడి" అని రాసి, నెలాఖరున ఒత్తిడి వల్లే మూడ్ పాడవుతోందని తేల్చుకునేవాళ్లు చాలామంది. గుర్తుల సంఖ్య కూడా పెంచుకోకూడదు. ఇరవై పెట్టుకుంటే వాటిలో ఒకటో రెండో కేవలం యాదృచ్ఛికంగానే మూడ్‌తో జతకట్టినట్టు కనిపిస్తాయి, మనం వాటివెంటే పడతాం.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. ఇది ఊహించి అల్లుకున్న ఉదాహరణే, కానీ బెంగళూరులో ఇలాంటి వారాలు మామూలు. నెల్లూరు నుంచి వచ్చి బెళ్లందూరు దగ్గర పనిచేసే టెస్టర్ ఒకామె. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసు. మిగతా రోజులు ఇంటినుంచి పని. సోమ, బుధవారాల రాత్రి 10:30కి కాలిఫోర్నియా వాళ్లతో కాల్. అక్కడ వేసవిలో ఉదయం పదింటికి మొదలయ్యే మీటింగ్ మనకి ఆ వేళకి పడుతుంది. నాలుగు వారాలు, సోమవారం మొదలుపెట్టి 28 రోజులు రాసింది. మూడ్ 2 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న రోజుని "కింది రోజు" అనుకుందాం. అవి మొత్తం 8. నాలుగో వారం వానలకి రోడ్లు మునిగి వారమంతా ఇంటినుంచే పని చేసింది కాబట్టి ఆఫీసు రోజులు 9.

ఆమె అనుమానం ట్రాఫిక్ మీద. ఆఫీసుకి వెళ్లిన 9 రోజుల్లో కింది రోజులు 4. వెళ్లని 19 రోజుల్లోనూ 4. అంటే వెళ్లిన రోజుల్లో దాదాపు సగం, వెళ్లనప్పుడు అయిదింట ఒకటి. ట్రాఫిక్ దోషి అని ఇక్కడే ఆపేయబుద్ధవుతుంది. వెళ్లని రోజుల్ని కూడా లెక్కపెట్టడం ఇందులో ముఖ్యం. చెడ్డ రోజులు మాత్రమే తిరగేసి "వీటిలో ట్రాఫిక్ ఎన్నిసార్లు ఉంది" అని చూస్తే ఏ గుర్తయినా దోషిలాగే కనిపిస్తుంది. నాలుగు గడులూ నిండాలి: గుర్తు ఉండి మూడ్ కింద, గుర్తు ఉండి మూడ్ బాగు, గుర్తు లేక మూడ్ కింద, గుర్తు లేక మూడ్ బాగు.

ఇక రాత్రి కాల్. కాల్ ఉన్న 8 రోజుల్లో కింది రోజు ఒక్కటీ లేదు. సున్నా. దాంతో కాల్‌ని పక్కన పెట్టేస్తే అసలు విషయం జారిపోతుంది. తొమ్మిదింటికి మూడ్ రాసేటప్పటికి కాల్ ఇంకా మొదలే కాలేదు! దాని ప్రభావం ఉంటే మర్నాటి వరుసలో ఉండాలి. అందుకని కాల్ గుర్తుని మర్నాటి మూడ్‌తో జతచేసి చూడాలి. అలా చూస్తే కాల్ మర్నాడు 8 రోజుల్లో 6 కింది రోజులు. మిగతా 20 రోజుల్లో 2 మాత్రమే.

గూగుల్ షీట్స్‌లో A లో తేదీ, B లో మూడ్, C లో ఉత్సాహం, D లో కాల్ ఉంటే 1 లేకపోతే 0 రాసుకుంటే, అదే రోజుకీ, ఒక్క రోజు జరిపీ లెక్కించడం ఇలా:

```
=COUNTIFS(D2:D29,1,B2:B29,"<=2")
=COUNTIFS(D2:D28,1,B3:B29,"<=2")
```

మొదటిది అదే రోజు లెక్క, రెండోది మర్నాటి లెక్క. రెండో సూత్రంలో D 2 నుంచి, B 3 నుంచి మొదలవడమే కీలకం. రెండు నిలువు వరుసల పొడవూ సమానంగా లేకపోతే షీట్ తప్పు చూపిస్తుంది. రాయడం వదిలేసిన రోజుకి కూడా వరుస ఉండాలి, మూడ్ గడి ఖాళీగా ఉన్నా సరే. లేకపోతే మంగళవారం తర్వాత గురువారం వచ్చి "మర్నాడు" అన్నదే తప్పుతుంది. కాగితం మీదైతే గళ్ల నోటుబుక్కులో కాల్ గుర్తు నుంచి కింది వరుసకి బాణం గీస్తే చాలు.

అయితే కాల్ మర్నాడు అంటే మంగళవారం, గురువారం. అవి ఆఫీసు రోజులు కూడా. ఏది ఏం చేస్తోంది? విడదీయడానికి ఒకటి ఉండి మరొకటి లేని రోజులు కావాలి. బుధవారాలు మూడు ఆఫీసు ఉంది, ముందురాత్రి కాల్ లేదు: కింది రోజు ఒక్కటీ లేదు. నాలుగో వారం మంగళ, గురువారాలు కాల్ మర్నాళ్లే, ట్రాఫిక్ లేదు: రెండూ కిందే. మూడు, రెండు చాలా చిన్న సంఖ్యలు, వాటితో తీర్పు చెప్పలేం. కానీ అనుమానం ఇప్పుడు రోడ్డు మీద నుంచి రాత్రి మీదికి మళ్లింది. ట్రాఫిక్‌కి కనిపించిన ఆ తేడా అంతా కాల్ మర్నాళ్లు ఆఫీసు రోజుల్లో పడటం వల్లే వచ్చి ఉండొచ్చు.

వారం వారం చేసే సమీక్ష ఈ లెక్క కన్నా చిన్నది. శనివారం పొద్దున మంచిది, ఆదివారం రాత్రి వద్దు. పేజీ తెరవకముందే "ఈ వారం మామూలు రోజు ఎంత" అని ఒక అంకె రాసుకోవాలి. ఆ తర్వాత ఏడు అంకెలనీ చిన్నది నుంచి పెద్దదికి పేర్చి మధ్యదాన్ని చూడాలి. 2, 2, 3, 4, 4, 4, 5 అయితే మధ్యది 4. ఊహించింది 2 అయితే, జ్ఞాపకం ఏ రోజుని పట్టుకుని కూర్చుందో తెలిసిపోతుంది. ఆ తర్వాత అన్నిటికన్నా కింద ఉన్న రోజుకీ, పైన ఉన్న రోజుకీ నాలుగైదు వాక్యాల డైరీ రాయాలి: ఏం జరిగింది, దానికి ఇంకో వివరణ ఏదైనా ఉందా, వచ్చేవారం ఏం గమనించాలి. మిగతా అయిదు రోజులు వదిలేయొచ్చు. ఇరవై నిమిషాలు దాటకూడదు, ఎందుకంటే "ఎందుకిలా అయింది, నాకే ఎందుకు" అని అదే బాధని తిప్పి తిప్పి తలచుకోవడం దిగులుని పెంచుతుందని సూసన్ నోలెన్ హెక్సెమా పరిశోధనలు చూపించాయి. రాశాక మనసు ప్రతివారం బరువెక్కుతుంటే వాక్యాలు మానేసి అంకెలే ఉంచుకోవాలి. వారానికో ముగింపు కూడా తేల్చేయకూడదు; ఏడు రోజుల్లో రెండు కాల్సే ఉంటాయి, రెండింటితో ఏదైనా నిజమనిపించొచ్చు.

ఎక్కువమంది తప్పేది ఖాళీ రోజుల దగ్గర. బాగా పాడైన రోజునే పుస్తకం తెరవబుద్ధి కాదు. కాబట్టి ఖాళీలు చెదురుమదురుగా ఉండవు, చెడ్డ రోజుల దగ్గరే పోగవుతాయి, మూడ్ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. తర్వాత గుర్తుతెచ్చుకుని నింపడం ఇంకా తప్పు. ఖాళీ అని రాసి, ఆ రోజు గుర్తులు మాత్రం పెట్టాలి. ఖాళీలు ఏ గుర్తు పక్కన చేరుతున్నాయో అదే ఒక సమాచారం.

ఆడవాళ్లు నెలసరి మొదటి రోజుని కూడా గుర్తుగా రాసుకోవాలి. నెలసరికి ముందు వారంలో తీవ్రంగా మూడ్ మారే పీఎండీడీ అనే సమస్యని నిర్ధారించడానికి, 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాలు కనీసం రెండు నెలసరి చక్రాలు రోజువారీ రాత అడుగుతాయి. నోటిమాటగా గుర్తుచేసుకుని చెప్పింది చాలదు. మన ఉదాహరణలో 28 రోజులంటే దాదాపు ఒక్క చక్రమే. కాల్స్ ప్రతివారం వస్తాయి కాబట్టి ఆ లెక్క ఒక నెలలో కొంత కనిపిస్తుంది, నెలకోసారి వచ్చేది కనిపించదు.

కొన్ని సంగతులకి ఈ నోటుబుక్ చాలదు. రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, నిద్ర, ఆకలి చెడటం. లేదా నిద్ర మూడు నాలుగు గంటలే అయినా రోజుల తరబడి ఉత్సాహం 5 దగ్గరే ఉండి మాటలు, ఖర్చులు అదుపు తప్పడం: ఇవి డాక్టరుకి చూపించాల్సినవి, ఆ పేజీలు పట్టుకెళ్తే వాళ్లకి పనికొస్తాయి. బెంగళూరులో హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే శనివారం దాకా ఆగొద్దు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి వెంటనే ఫోన్ చేయాలి, తెలుగులో మాట్లాడతారు.

టెస్టర్ దగ్గరికి వస్తే, తర్వాతి పని అనుమానాన్ని పరీక్షించడం. కాల్ మర్నాడు ఎందుకు కిందికి పోతోందో ఇంకా తెలీదు: నిద్ర తగ్గడం కావచ్చు, కాల్ కోసం తొమ్మిదింటికి తాగే ఫిల్టర్ కాఫీ కావచ్చు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే పెద్దవాళ్లలో సుమారు అయిదు గంటలు పడుతుంది, అంటే అర్ధరాత్రి రెండింటికీ సగం మిగిలే ఉంటుంది. రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. కాఫీ మానడం ఆమె చేతిలో ఉంది, కాల్ వేళ మార్చడం మేనేజరు చేతిలో ఉంది; అందుకే ముందు నాలుగు వారాలు ఆ కాఫీ ఒక్కటీ మానేసి, మిగతావన్నీ అలాగే ఉంచి, అదే లెక్క మళ్లీ చేయాలి. 8 మర్నాళ్లలో కింది రోజులు 6 నుంచి 1కో 2కో దిగితే కాఫీ మీద అనుమానం గట్టిది. 5, 6 దగ్గరే ఉంటే, మేనేజరుతో కాల్‌ని ఇంకాస్త ముందు వేళకి జరపమని మాట్లాడటానికి చేతిలో ఎనిమిది వారాల అంకెలుంటాయి. అడగడం మాత్రం నవంబరు మొదటి ఆదివారంలోపే అయిపోవాలి. ఆ రోజు అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి, అదే కాల్ మనకి రాత్రి 11:30కి వెళ్లిపోతుంది.