వదిలేసే జవాబులోని ఎర్రర్‌తో తర్వాతి స్టెప్: ఎంబెడెడ్ రుంగె-కుట్టా జంటల కథ

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో న్యూమరికల్ మెథడ్స్ చదివినవాళ్లకు నాలుగో ఆర్డర్ రుంగె-కుట్టా పద్ధతి గుర్తుండే ఉంటుంది. స్టెప్ సైజు h = 0.1 అని ప్రశ్నలోనే ఇస్తారు, k1 నుంచి k4 దాకా లెక్క కట్టి టేబుల్ నింపుతాం. అదే విద్యార్థి ప్రాజెక్టుకొచ్చి పైథాన్‌లో `solve_ivp` వాడితే h ఎవరూ అడగరు. ఉపగ్రహ కక్ష్య గీస్తే, గీత మొదలైన చోటికి తిరిగి రాకుండా చుట్టు చుట్టుకీ పక్కకు జరుగుతుంది. “సార్, టాలరెన్స్ 0.001 అని ఉంది కదా, మరి ఇంత తేడా ఎందుకొచ్చింది?” అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ 0.001 దేనికి హద్దు, h ఎవరు ఎంచుకున్నారు అన్నది తెలియాలంటే 1950ల దాకా వెనక్కి వెళ్లాలి.

రుంగె 1895లో, కుట్టా 1901లో సూత్రాలు ఇచ్చారు. వాటితో జవాబు వస్తుంది గానీ ఆ జవాబు ఎంత తప్పో తెలియదు. దానికి పాత ఉపాయం ఒకటుంది. ఒకే దూరాన్ని ఒకసారి పెద్ద స్టెప్‌గా, మరోసారి రెండు సగం స్టెప్పులుగా లెక్కించి, రెండు జవాబులనూ పోల్చడం. నాలుగో ఆర్డర్ సూత్రంతో ఇలా చేస్తే సమీకరణం కుడిపక్క ఉన్న ఫంక్షన్‌ను, అంటే వాలును, 11 సార్లు లెక్కించాలి. మొదటి వాలు రెండు దారులకీ ఉమ్మడి కాబట్టి 12లో ఒకటి మిగులుతుంది. స్టెప్ పనికిరాదని తేలితే ఆ శ్రమలో చాలావరకు వృథా.

1957లో మెర్సన్ వేరే దారి చూపించాడు. వాలులు ఒక్కసారే లెక్కించి, వాటినే రెండు రకాల బరువులతో కలిపితే రెండు జవాబులొస్తాయి. ఒకటి కాస్త ముతక, ఇంకొకటి కాస్త నాణ్యం. రెండింటి తేడాయే ఎర్రర్ అంచనా. ఒక సూత్రం ఇంకో సూత్రంలో ఇమిడి ఉంటుంది కాబట్టి వీటిని ఎంబెడెడ్ జంటలంటారు. మెర్సన్‌కు ఐదు లెక్కింపులే సరిపోయాయి. కాకపోతే ఆయన అంచనా స్థిర గుణకాల లీనియర్ సమీకరణాలకు మాత్రమే పూర్తిగా న్యాయం చేస్తుంది. మిగతా చోట్ల రెండో సూత్రానికి ఉండాల్సినంత ఆర్డర్ ఉండదు.

అసలు పని ఎలా జరుగుతుందో అన్నిటికన్నా చిన్న జంటతో చూద్దాం. ముతకది ఆయిలర్ సూత్రం, నాణ్యమైనది హోయిన్ సూత్రం. మే నెల, బెజవాడలో గది 40 డిగ్రీలు. గ్లాసులో టీ 90 డిగ్రీలు. గదికన్నా ఎంత వేడిగా ఉందో, అందులో పదోవంతు చొప్పున నిమిషానికి చల్లారుతుందనుకుందాం. అంటే y' = −0.1(y − 40). ఒక్కో స్టెప్‌లో 0.1 డిగ్రీ దాకా ఎర్రర్ ఫరవాలేదని టాలరెన్స్ పెట్టాం.

```python
k1 = f(t, y)
k2 = f(t + h, y + h*k1)
err = max(abs(h/2*(k2 - k1)), 1e-12)
if err <= tol:
    t, y = t + h, y + h/2*(k1 + k2)
h = h * min(5, max(0.2, 0.9*(tol/err)**0.5))
```

మొదట h = 2 నిమిషాలు అనుకుందాం. k1 = −5. ఆయిలర్ చెప్పేది 80 డిగ్రీలు. అక్కడ k2 = −4. హోయిన్ రెండు వాలుల సగటు తీసుకుని 81 అంటుంది. తేడా 1 డిగ్రీ. మనం ఒప్పుకున్నదానికి పది రెట్లు కాబట్టి స్టెప్ రద్దు, టీ ఇంకా 90 దగ్గరే ఉంది. ఇప్పుడు h ఎంత తగ్గించాలి? ఆయిలర్‌కు ఒక్క స్టెప్‌లో వచ్చే ఎర్రర్ h వర్గంతో పెరుగుతుంది. కాబట్టి ఎర్రర్ పది రెట్లు తగ్గాలంటే h ను 10 వర్గమూలంతో భాగిస్తే చాలు. కచ్చితంగా హద్దు మీద దిగితే మళ్లీ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి 0.9తో గుణించి కొంచెం జాగ్రత్త పడతాం. 2 × 0.9 × 0.316 అంటే సుమారు 0.57 నిమిషం.

ఈసారి తేడా 0.081 వస్తుంది, స్టెప్ పాసవుతుంది. 0.9 వర్గం 0.81 కదా, 0.1లో 0.81 వంతు రావడం యాదృచ్ఛికం కాదు. కంట్రోలర్ గురి పెట్టిందే అక్కడ. తర్వాత చెప్పుకోబోయే డోర్మండ్-ప్రిన్స్ లాంటి ఐదు-నాలుగు ఆర్డర్ల జంటలో ఎర్రర్ h ఐదో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి అక్కడ వర్గమూలం బదులు ఐదో మూలం తీసుకుంటారు. పద్ధతి మాత్రం ఇదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అసలు జవాబుతో పోల్చాలి. 0.57 నిమిషాల తర్వాత టీ నిజంగా ఉండేది 87.2297 డిగ్రీలు. ఆయిలర్ జవాబు 87.15, అంటే దాదాపు 0.08 తప్పు. హోయిన్ జవాబు 87.2312, తప్పు 0.0015 మాత్రమే. మనం కొలిచిన 0.081 ఎవరిది? ఆయిలర్‌ది. ముందుకు తీసుకెళ్లింది హోయిన్ జవాబును. అంటే ప్రోగ్రామ్ కొలిచేది తాను వదిలేసే జవాబులోని ఎర్రర్‌ను, ఉంచుకునే జవాబు ఎర్రర్ ఎంతో దానికి తెలియదు. రంగంలో ఏళ్ల తరబడి వాదన నడిచింది ఈ ఒక్క విషయం మీదే.

అమెరికాలో హంట్స్‌విల్ దగ్గరి మార్షల్ స్పేస్ ఫ్లైట్ సెంటర్‌లో పనిచేసిన ఎర్విన్ ఫేల్‌బెర్గ్ 1968, 1969 నాసా రిపోర్టుల్లో పలు ఆర్డర్ల జంటలు ఇచ్చాడు. నాలుగు-ఐదు జంటకు ఆరు లెక్కింపులు చాలు. ఆయన ఆలోచన నిక్కచ్చిగా ఉంది. ఏ జవాబు ఎర్రర్ కొలిచామో ఆ జవాబునే ముందుకు తీసుకెళ్లాలి. అందుకే నాలుగో ఆర్డర్ సూత్రం ఎర్రర్ వీలైనంత చిన్నదయ్యేలా గుణకాలు ఎంచాడు. ఆ శ్రద్ధే పెద్ద ఆర్డర్లలో చిక్కు తెచ్చిపెట్టింది. ఆయన ఏడు-ఎనిమిది జంటలో ఎర్రర్ అంచనా సూత్రం ఇదీ:

```
err = (41/840) * h * (k1 + k11 - k12 - k13)
```

ఇందులో k1, k12 రెండూ స్టెప్ మొదట్లో, k11, k13 రెండూ స్టెప్ చివర లెక్కించేవి. వాలు y మీద ఆధారపడకుండా సమయం మీదే ఆధారపడితే k1, k12 ఒకటే, k11, k13 ఒకటే. అంచనా అచ్చంగా సున్నా. జవాబు ఎంత తప్పుగా ఉన్నా ఎర్రర్ లేదనే చెబుతుంది. సున్నా చూసిన కంట్రోలర్ h ని ప్రతిసారీ పెంచగలిగినంత పెంచుకుంటూ పోతుంది. ఏ వార్నింగూ రాదు, ప్రోగ్రామ్ చక్కగా ముగుస్తుంది. స్టెప్పులన్నీ వరసగా ఒకే గుణకంతో పెరుగుతూ, ఒక్కటీ రద్దు కాకపోతే అనుమానించాల్సిందే.

1980లో ఇంగ్లండ్‌లోని టీసైడ్ పాలిటెక్నిక్ నుంచి డోర్మండ్, ప్రిన్స్ ఈ వరసను తిరగేశారు. ఎలాగూ మెరుగైన జవాబు చేతిలో ఉండగా దాన్ని వదులుకోవడం ఎందుకు? ఐదో ఆర్డర్ జవాబునే ముందుకు తీసుకెళ్దాం, గుణకాలూ దాని ఎర్రర్ తగ్గేలాగే ఎంచుదాం, నాలుగోది కొలతకు మాత్రం ఉండనిద్దాం అన్నారు. వాళ్ల జంటకు ఏడు వాలులు కావాలి గానీ ఏడోది తర్వాతి స్టెప్‌కు మొదటి వాలు అవుతుంది. కాబట్టి పాసైన స్టెప్‌కు ఖర్చు ఆరే. మ్యాట్‌లాబ్‌లో ఇప్పుడున్న `ode45`, సైపైలో `solve_ivp` తనంతట తాను ఎంచుకునే `RK45` ఈ జంటే. నా ఉద్దేశంలో వాళ్లు చేసిందే సరైనది. ఫేల్‌బెర్గ్ పద్ధతిలో కొలతకూ జవాబుకూ పొంతన ఉంటుంది నిజమే, కానీ టీ లెక్కలో 0.0015 చేతిలో ఉండగా 0.08 ఎందుకు ఎంచుకుంటాం? కాకపోతే ఒక సంగతి ఒప్పుకోవాలి. అప్పటి నుంచి టాలరెన్స్ అనేది జవాబు ఎర్రర్‌కు హద్దు కాదు, స్టెప్ సైజును నడిపించే మీట.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకొద్దాం. `solve_ivp` లో మనం ఏమీ ఇవ్వకపోతే `rtol` 0.001, `atol` 0.000001. అవి ఒక్కో స్టెప్‌కు వర్తిస్తాయి, మొత్తం ప్రయాణానికి కాదు. చిన్న చిన్న తప్పులు కూడి చివరికి ఏమవుతాయన్నది సమీకరణం స్వభావాన్ని బట్టి ఉంటుంది. టీ విషయంలో పాత తప్పు తనంతట తానే కరిగిపోతుంది, ఎక్కడ మొదలైనా చివరికి 40 దగ్గరికే వస్తుంది కదా. కక్ష్యలో అలా కాదు. శక్తిలో రవ్వంత తేడా వస్తే చుట్టు తిరిగే కాలం మారుతుంది, ఆ తేడా చుట్టు చుట్టుకీ పోగవుతుంది. అందుకే గీత జరిగింది. `rtol` ను వందో వంతు చేసి మళ్లీ నడిపి, రెండు గీతలూ ఎంత దూరంలో ఉన్నాయో చూస్తే మొదటిది ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది.

టీ లెక్క ఇంకా అయిపోలేదు, ఆసక్తికరమైన భాగం చివర్లోనే ఉంది. టీ చల్లారేకొద్దీ స్టెప్పులు పెరుగుతాయి. 40.5 డిగ్రీల దగ్గర స్టెప్ 5 నిమిషాలు ఉన్న చోటు నుంచి చేత్తో లెక్క కడితే తర్వాతవి 5.7, 7.2, 9.4, 12.7, 18, 24.5 నిమిషాలు. ఆ తర్వాత 27 నిమిషాల స్టెప్ రద్దవుతుంది. టీ దాదాపు గది వేడికి వచ్చేసింది, ఏమీ మారడం లేదు, మరి ఎందుకు రద్దయింది? ఈ సమీకరణానికి హోయిన్ సూత్రం 20 నిమిషాలు దాటితే అస్థిరం. అది దాటిన ప్రతి స్టెప్‌కూ 40 నుంచి ఉన్న రవ్వంత తేడా తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెరిగేసరికి ఎర్రర్ అంచనా పెరుగుతుంది, కంట్రోలర్ స్టెప్ తగ్గిస్తుంది. తేడా మళ్లీ తగ్గుతుంది, స్టెప్ మళ్లీ పెరుగుతుంది. లెక్క కొనసాగిస్తే స్టెప్ 18, 22 నిమిషాల మధ్య ఊగుతూ, దాదాపు ఆరు స్టెప్పులకోసారి మొదటికి వస్తూ ఉంటుంది. ఆ ఊపు చచ్చిపోదు.

జవాబు తప్పవడం లేదు. స్థిరత్వాన్ని ఎర్రర్ అంచనా దొడ్డిదారిన కాపాడుతోంది. 1988లో హాల్, హైయమ్ ఈ ఊపును గణితంగా విశ్లేషించారు. అదే ఏడాది స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్‌సన్, లుండ్, సోడర్‌లిండ్ కంట్రోల్ ఇంజనీరింగ్ నుంచి మందు తెచ్చారు. ఇప్పటి ఎర్రర్‌తో పాటు వెనకటి స్టెప్ ఎర్రర్‌నూ లెక్కలోకి తీసుకుంటే ఊపు సద్దుమణుగుతుంది. స్టెప్ మాత్రం 20 దాటదు, అది కంట్రోలర్ చేతిలో లేదు.

వేగంగా చచ్చిపోయే భాగం, నిదానంగా నడిచే భాగం ఒకే సమీకరణంలో ఉంటే ఈ హద్దు ఖరీదు బాగా తెలుస్తుంది. గీత నున్నగా ఉంటుంది, ఫంక్షన్‌ను ఎన్నిసార్లు లెక్కించిందో చెప్పే `nfev` సంఖ్య మాత్రం లక్షల్లోకి పోతుంది. దాన్ని గుర్తుపట్టడానికి తేలిక పరీక్ష ఒకటుంది. టాలరెన్స్‌ను పది రెట్లు సడలించి చూడండి. ఐదు-నాలుగు జంటలో స్టెప్పుల సంఖ్య మామూలుగా మూడోవంతుకు పైగా తగ్గాలి. తగ్గకపోతే స్టెప్‌ను పట్టి ఉంచుతున్నది ఎర్రర్ కాదు, స్థిరత్వం. అప్పుడు `method="Radau"` లాంటి ఇంప్లిసిట్ పద్ధతికి మారాలి.