కంచాలు తీశాక కూడా లేవరు

మాడ్రిడ్‌లో ఒక ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి అందరూ భోజనానికి కూర్చున్నారనుకుందాం. మూడు ముప్పావుకి తినడం అయిపోయింది. పండ్లో తీపో ఏదో తిన్నారు, కంచాలు తీసేశారు. బల్ల మీద రొట్టె తునకలు, సగం తాగిన గ్లాసులు ఉన్నాయి. ఎవరూ లేవలేదు. కాఫీ వచ్చింది. ఒకాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, కాఫీలో కొంచెం బ్రాందీ పోసి చేసే కరహీయో కావాలన్నాడు. మాట ఎన్నికల మీదికి వెళ్లింది, అక్కడినుంచి చనిపోయిన మేనత్త మీదికి, తర్వాత ఫుట్‌బాల్ మీదికి. ఐదున్నర అయింది. మూడు ముప్పావు నుంచి ఐదున్నర దాకా నడిచిన ఈ గంటా ముప్పావుకి స్పానిష్‌లో ఒక పేరుంది. దాన్ని సోబ్రెమేసా అంటారు.

ఇది హోటల్లో జరిగినా తీరు అదే. స్పెయిన్‌లో మామూలుగా మనం అడిగేదాకా వెయిటర్ బిల్లు తేడు. అడక్కుండా తెచ్చిపెడితే ‘ఇక లేవండి’ అన్నట్టే లెక్క. ఇలాంటి మర్యాద తెలియని పర్యాటకులు బిల్లు కోసం అరగంట ఎదురుచూసి, సర్వీసు బాగాలేదని విసుక్కుంటారు. పాపం వెయిటర్ మాత్రం వాళ్లకి మర్యాద చేస్తున్నానని అనుకుంటూ ఉంటాడు.

మాటని విడదీస్తే అందులో దాగిన గూఢార్థమేమీ లేదు. సోబ్రె అంటే మీద, మేసా అంటే బల్ల. బల్ల మీద పరిచే గుడ్డని కూడా స్పానిష్‌లో సోబ్రెమేసా అనేవారు, నిఘంటువుల్లో ఆ అర్థం ఇప్పటికీ ఉంది. బల్ల మీద ఉండే వస్తువు పేరు బల్ల దగ్గర గడిచే సమయానికి పాకింది. భాషల్లో ఇది మామూలే. పక్కనే ఉన్న పోర్చుగీసులో ఇదే మాట ఇంకో దారి పట్టింది. అక్కడ సోబ్రెమేసా అంటే భోజనం చివర తినే తీపి. లిస్బన్ హోటల్లో సోబ్రెమేసా కావాలంటే కబుర్లు రావు, పుడ్డింగు వస్తుంది. స్పానిష్‌లో మాత్రం కబుర్ల అర్థం పాతదే. వాలెన్సియాలో పుస్తకాల వ్యాపారం చేసిన హువాన్ దె తిమొనేదా 1563లో చిట్టి కథల సంపుటి ఒకటి వేసి, దాని పేరులోనే సోబ్రెమేసా అని పెట్టాడు. భోజనమయ్యాక చెప్పుకోవడానికి, దారిలో నడిచేవాళ్లకి ఊరటగా ఉండటానికి ఆ కథలని దాని ఉద్దేశం. అంటే సుమారు నాలుగున్నర శతాబ్దాల కిందటే, భోజనం తర్వాత జనం కథలు చెప్పుకుంటారన్నది పుస్తకం పేరుకెక్కేంత మామూలు సంగతి.

సరే, ఇంగ్లీషులో దీనికి మాట ఎందుకు లేదు? ఇంటర్నెట్‌లో దొరికే జవాబు ఒకటుంది: ఇంగ్లీషువాళ్లకి తీరిక తెలియదు, స్పెయిన్‌వాళ్లకి బతకడం తెలుసు. వినడానికి బాగుంటుంది కానీ నాకు నమ్మకం లేదు. మాట లేనంత మాత్రాన పని లేదని కాదు. భోజనం తర్వాత గంటలకొద్దీ మాట్లాడుకోవడం ఇంగ్లీషువాళ్లకీ తెలుసు. అక్కడ జరిగింది వేరు.

పాత ఇంగ్లండులో కలవారి ఇంటి విందు ఎలా ముగిసేదో చూడండి. తినడం అయ్యాక ఆడవాళ్లు లేచి వేరే గదిలోకి వెళ్లేవారు. మగవాళ్లు అక్కడే కూర్చుని పోర్ట్ వైను తాగుతూ మాట్లాడుకునేవారు. కాసేపటికి వాళ్లూ ఆ గదిలోకి వెళ్లి కలిసేవారు. మనం ఇప్పుడు డ్రాయింగ్ రూమ్ అంటున్నది ఆ గదినే. బొమ్మలు గీయడానికీ దానికీ సంబంధం లేదు. ‘విత్‌డ్రాయింగ్ రూమ్’, అంటే పక్కకి తప్పుకునే గది, అన్న పేరు కురచై అలా మిగిలింది. సమయం ఒకటే అయినా అది రెండు గదుల్లోకి, రెండు గుంపుల్లోకి చీలిపోయింది. అందుకే ఇంగ్లీషులో గదికి పేరుంది, అప్పుడు తాగే వైనుకి పేరుంది, లేచి నిలబడి చేసే ఉపన్యాసానికి ‘ఆఫ్టర్ డిన్నర్ స్పీచ్’ అన్న పేరుంది. అందరూ ఒకే బల్ల దగ్గర కదలకుండా కూర్చున్న ఆ మొత్తం సమయానికి మాత్రం పేరు పెట్టాల్సిన అవసరం పడలేదు. ‘టేబుల్ టాక్’ అన్న మాట ఉంది కానీ అది మాటలకే పేరు, సమయానికి కాదు. టేబుల్ టాక్ సాయంత్రం ఆరుదాకా సాగిందనడం కుదరదు. సోబ్రెమేసా ఆరుదాకా సాగిందని మాత్రం ఎవరైనా అంటారు.

ఇంగ్లీషులో భోజనానంతరం అన్న అర్థానికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది, అది మన ఇళ్లలో కూడా తెలుసు. షుగర్ ఉన్నవాళ్ల ల్యాబ్ రిపోర్టులో పీపీబీఎస్ అని ఉంటుంది కదా, అందులోని ‘పోస్ట్ ప్రాండియల్’ అదే. తిన్న రెండు గంటలకి రక్తం తీస్తారు. సోబ్రెమేసా పట్టే సమయమూ ఇంచుమించు అంతే! కానీ దాన్ని ల్యాబ్ బయట వాడితే నవ్వులాటకే వాడతారు.

స్పెయిన్‌లో ఆ సమయం ఒక్క ముక్కగా నిలబడటానికి గడియారం కూడా సాయం చేసింది. మాడ్రిడ్ గ్రీనిచ్‌కి పడమరన ఉంది. అయినా 1940 మార్చిలో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాల్ని గంట ముందుకి జరిపి జర్మనీ సమయానికి కలిపింది, తర్వాత వెనక్కి తిప్పలేదు. అందువల్ల మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది చలికాలంలో సుమారు ఒకటింపావుకి, వేసవి గడియారంలో రెండుంపావుకి. రెండున్నరకి భోజనమంటే మనకి ఆలస్యం అనిపిస్తుంది కానీ వేసవి సూర్యుడి లెక్కలో అది పట్టపగలు పన్నెండుంపావే. పైగా చాలా ఉద్యోగాల్లో పని రోజు రెండు ముక్కలు. రెండింటికి ఆపి నాలుగుకో ఐదుకో మళ్లీ మొదలుపెట్టి, రాత్రి ఏడెనిమిదిదాకా చేసేవారు. మధ్యలో దేశమంతా ఒకేసారి ఖాళీ. అందరికీ ఒకే వేళ దొరికే ఖాళీ గురించి అందరూ మాట్లాడాల్సి వస్తుంది, అప్పుడు పేరు నిలుస్తుంది. టీవీవాళ్లని చూస్తే ఇది తెలుస్తుంది. స్పెయిన్‌లో ప్రేక్షకుల లెక్కలు కట్టేటప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి ఐదుదాకా ఉన్న భాగాన్ని సోబ్రెమేసా అనే అంటారు.

మన దగ్గర ఈ ఖాళీ ఎటు పోయిందా అని ఆలోచిస్తే నాకు చెయ్యి గుర్తొస్తుంది. చేత్తో తిన్నాక అక్కడే కూర్చుంటే, చెయ్యి ఎండిపోతోంది, లేచి కడుక్కోమని పెద్దవాళ్లు గదమాయిస్తారు. విస్తరి ఎంగిలి, తీసి శుద్ధి చెయ్యాలి. పెళ్లి పంక్తిలో అయితే తర్వాతి బంతివాళ్లు వెనకాలే నిలబడి ఉంటారు. కబుర్లు మానలేదు, వీధి అరుగు మీదికి, తాంబూలం పళ్లెం దగ్గరికి మారాయి. ఆ కబుర్లకి విడిగా పేరు పెట్టలేదు కానీ, తిన్నాక ఒంటికి వచ్చే బరువుకి మాత్రం భుక్తాయాసమని చక్కటి పేరు పెట్టుకున్నాం. ఒక్కో భాష ఒక్కో చోట పేరు పెడుతుంది.

ఇదే మధ్యాహ్నం నుంచి ఇంగ్లీషు ఇంకో మాటని ఎప్పుడో తీసుకుంది: సియెస్టా, అంటే మధ్యాహ్నం తీసే కునుకు. తలుపులు మూసిన దుకాణాలు దారినపోయే ఎవరికైనా కనిపిస్తాయి. సోబ్రెమేసా కనిపించాలంటే ఎవరో భోజనానికి పిలవాలి.

ఇప్పుడు స్పెయిన్‌లోనూ ఉద్యోగులు డబ్బా తెచ్చుకుని ఆఫీసులోనే తినేసి, తొందరగా ఇంటికి వెళ్లాలనుకుంటున్నారు. పెద్ద నగరాల్లో కొన్ని హోటళ్లు టేబుల్ బుక్ చేసేటప్పుడే ఒకటిన్నరకి మొదలయ్యే వంతా, మూడున్నరకి మొదలయ్యే వంతా అని అడుగుతున్నాయి. మొదటి వంతువాళ్లు మూడున్నరకి లేవాలి, కాఫీ ఇంకా వేడిగా ఉన్నా సరే. సాగదీసి మాట్లాడుకోవాలనుకునేవాళ్లు రెండో వంతు తీసుకుంటారు.