కుర్చీ వద్దన్న బ్రీడర్: వేరుశనగ పొలంలో పాత తగాదా

పరిశోధన స్థానం అధిపతిగా వెళ్లమంటే వద్దని, కొత్త రకాలు తయారు చేసే తన బ్రీడింగ్ ప్లాట్లలోనే ఉంటానని ఒక సీనియర్ శాస్త్రవేత్త అనడం సరైనదేనా? అనంతపురం, కదిరి వైపు ఈ ప్రశ్న మళ్లీ లేచింది. కరవు సీమకు వేరుశనగ ఎలా వచ్చిందో, రైతు దాని మీద ఎంత ఆధారపడ్డాడో ఇక్కడ అందరికీ తెలుసు. తెలియాల్సింది 1972లో ఢిల్లీలో జరిగిన విషయం.

ఆ ఏడాది భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో వినోద్ షా అనే శాస్త్రవేత్త, ఎంపికల్లో అన్యాయం జరిగిందన్న ఆవేదనతో ఆత్మహత్య చేసుకున్నారు. పార్లమెంటు దద్దరిల్లింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ నేతృత్వంలో విచారణ కమిటీ వేశారు. అప్పటిదాకా పైపోస్టు ఖాళీ అయితేనే పదోన్నతి. ఆ పైపోస్టు చాలాసార్లు ఒక విభాగాన్నో, స్థానాన్నో నడిపేదే. జీతం పెరగాలంటే పరిశోధన తగ్గించుకుని ఆఫీసు పట్టుకోవాల్సిందే. 1975లో ఎం.ఎస్. స్వామినాథన్ భారత వ్యవసాయ పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా ఉండగా వ్యవసాయ పరిశోధన సర్వీసు మొదలైంది. ఖాళీతో పని లేకుండా, ఐదేళ్లకోసారి పని చూసి ఉన్నచోటే పైగ్రేడు ఇవ్వడం దాని ఉద్దేశం. నా దృష్టిలో నేటి తగాదాకు మూలం అదే. ఆ తర్వాత 1986 నుంచి యూజీసీ స్కేళ్లు, వాటితో కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పద్ధతి వచ్చాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ అదే బాట.

ఇప్పటి లెక్క ఇలా ఉంటుంది. పీహెచ్‌డీతో 29 ఏళ్లకు ఉద్యోగంలో చేరిన వ్యక్తికి మూల వేతనం రూ.57,700 దగ్గర మొదలవుతుంది. నాలుగేళ్లకు ఒక మెట్టు, ఇంకో ఐదేళ్లకు మరోటి, తర్వాత మూడేళ్లకు అసోసియేట్ ప్రొఫెసర్, మరో మూడేళ్లకు ప్రొఫెసర్. అన్నీ సకాలంలో జరిగితే 44 ఏళ్లకు ప్రొఫెసర్ స్కేలు రూ.1,44,200 అందుతుంది. ఈ దారిలో ఎక్కడా కింద ఒక్క ఉద్యోగినైనా నడిపించాలన్న షరతు లేదు. పని మదింపులో నెగ్గాలి.

చిక్కు ఆ తర్వాతే. సీనియర్ ప్రొఫెసర్ కావాలంటే ప్రొఫెసర్‌గా పదేళ్లు ఉండాలి. ఆ హోదా మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో పది శాతానికి మించి ఇవ్వరు. అంటే 44 నుంచి కనీసం 54 వరకు ఏటా ఇంక్రిమెంటు తప్ప హోదాలో కదలిక ఉండదు. సరిగ్గా ఆ వయసులోనే అధిపతి కుర్చీ పిలుస్తుంది. దాంతో జీతం పెద్దగా మారదు. కూలీలు, వాహనం, ఖర్చుల బిల్లులు, కింది వాళ్ల వార్షిక నివేదికలు మాత్రం చేతికొస్తాయి.

పాలనా పక్షం వాదన ఒకటే: అందరూ ప్లాట్లలోనే ఉంటామంటే స్థానాన్ని ఎవరు నడపాలి? అది న్యాయమైన ప్రశ్నే.

బ్రీడర్ పని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. వేరుశనగలో సంకరం చేయాలంటే సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే రెండో రకం పుప్పొడి అద్దాలి. ఆ తర్వాత ఐదారు తరాల ఎంపిక. కాయలు భూమిలో ఉంటాయి కాబట్టి మొక్క పీకితే గానీ ఏది మంచిదో తెలియదు. పీకిన ఆ కొద్ది రోజుల్లో ఒక్కో మొక్క పట్టుకుని కాయలు చూసి, ఉంచేదేదో పారేసేదేదో బ్రీడరే తేల్చాలి. అదే వారం గుంటూరు లాంలోని విశ్వవిద్యాలయ కేంద్రంలో సమీక్షా సమావేశం పడితే ఎంపిక ఇంకొకరి చేతికి పోతుంది. వానాధార ఖరీఫ్‌లో వచ్చే బెట్టను ఏ మొక్క తట్టుకుందో ఆ సీజన్‌లోనే చూడాలి కాబట్టి, పోయిన సీజన్ రబీలో తిరిగి రాదు. ఆ పైన దేశంలో పలుచోట్ల జరిపే అఖిల భారత సమన్వయ పరీక్షలు సుమారు మూడేళ్లు. మొత్తం కలిపితే పదేళ్లకు పైమాటే. 2005లో విడుదలైన కదిరి-6 ఈ ప్రాంతంలో ఇంతగా నిలబడిందంటే దాని వెనుక ఇలాంటి ఓపికే ఉంది.

పలుకుబడీ అక్కడే పుడుతుంది. సమన్వయ పరీక్షల వార్షిక సమావేశంలో పరీక్షలో ఉన్న ఏ లైను, అంటే ఏ కొత్త వంగడం, ముందుకు పోవాలన్న చర్చలో ఏళ్ల తరబడి ఆ లైన్లను చూసిన మనిషి మాటకు బరువుంటుంది. రకం విడుదలయ్యాక, మిగతా విత్తనానికంతా మూలమైన బ్రీడర్ విత్తనం శుద్ధతకూ ఆయనే పూచీ. వేరుశనగ ఎకరాకు కాయల్లో క్వింటాలుకు దగ్గరగా విత్తనం మింగుతుంది, తిరిగి వచ్చేది కొన్ని రెట్లే. మొదట్లో కల్తీ జరిగితే సరిదిద్దడానికి ఏళ్లు పడుతుంది.

ఈ దారికీ లోపం ఉంది. పరిశోధన పత్రం ఏడాదిలో వస్తుంది, రకం పదేళ్లకు వస్తుంది. మదింపులో పత్రాలకు బరువెక్కితే బ్రీడర్లు చిన్న ప్రయోగాల వైపు జారతారు. అది ఎలా పసిగట్టాలంటే, ఏటా చేసే కొత్త సంకరాల సంఖ్య చూడాలి. అది తగ్గుతూ, పత్రాలు పెరుగుతూ ఉంటే పదేళ్ల తర్వాత విడుదల చేయడానికి ఏమీ ఉండదు.

బ్రీడర్లు అడుగుతున్నవి రెండు: అధిపతి బాధ్యత నిర్ణీత కాలానికే వంతులవారీగా ఉండాలి, కుర్చీ వద్దన్నందుకు ప్లాట్లు వదిలి వెళ్లేలా బదిలీ చేయకూడదు. పదోన్నతి నిబంధనల్లో జీతానికి రక్షణ ఉంది గానీ, ఈ రెండో దానికి లేదు.