మెత్తటి ఇంగ్లిష్ మాటల వెనక ఉన్న అసలు సంగతి: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఇంగ్లిష్ ఉత్తరాలు, ఆస్పత్రి కాగితాలు, కంపెనీ నోటీసులు తెలుగులోకి మార్చి ఇవ్వడం నా పని. మెత్తగా రాసిన మాటలతోనే ఎక్కువ చిక్కు. కొన్నిటిలో ఆ మెత్తదనం వినేవాళ్ల మనసు నొవ్వకుండా ఉండడానికి, మరికొన్నిటిలో చేసినవాళ్ల పేరు బయటపడకుండా ఉండడానికి. ముందు ఆ తేడా పట్టుకోవాలి.

అపోహ: ‘పాస్డ్ అవే’కు ‘కాలం చేశారు’ అని రాస్తే ఎక్కడైనా సరిపోతుంది.

ఇంగ్లిష్‌లో ఆ మాట పసిపిల్లలకూ పెద్దలకూ, ఏ మతం వారికైనా వాడతారు. ‘కాలం చేసిండు’ అనేది మన దగ్గర నిండుగా బతికిన పెద్దవాళ్లకు అమరుతుంది. ఇరవై ఏళ్ల పిల్లగాడు బండి ప్రమాదంలో పోతే ఆ మాట అతకదు. ‘పరమపదించారు’ వైష్ణవుల మాట, ‘శివైక్యం’ శైవులది, ‘ప్రభువునందు నిద్రించారు’ క్రైస్తవులది. ముస్లింల ఇళ్లలో ‘ఇంతెకాల్ అయ్యిండు’ అంటారు. ఇంటివాళ్ల సంగతి తెలియనప్పుడు ‘చనిపోయారు’ అంటే చాలు, అందులో అమర్యాద ఏమీ లేదు. దరఖాస్తులో అయితే ‘మరణించిన తేదీ’ అనే రాయాలి.

ఆస్పత్రిలో నోటితో చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ‘మీ నాయన లేరు’ అంటే, ‘ఏ వార్డుకు మార్చిండ్రు?’ అని అడిగే కొడుకులుంటారు. భయంలో ఉన్న మనిషికి చిన్న ఆశ దొరికినా పట్టుకుంటాడు. ‘చనిపోయిండు’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, పక్కన కూర్చోవాలి.

అపోహ: ‘లెట్ గో’ అంటే వదిలేశారు, పోనిచ్చారు.

పోలీసులు ఒకరిని ‘లెట్ గో’ చేశారంటే వదిలేశారనే అర్థం. కంపెనీ తన ఉద్యోగిని ‘లెట్ గో’ చేసిందంటే మాత్రం ఉద్యోగంలోంచి తీసేసిందని. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మాటే, ఎందుకంటే దీనివల్ల పోయేది డబ్బు.

దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక తండ్రి సంగతి అనుకోండి. కొడుకు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్లు పని చేశాడు. ‘మిమ్మల్ని లెట్ గో చేయాలని నిర్ణయించాం’ అని ఉత్తరం వచ్చింది. ‘సారూ, మావోడే మానేసిండని రాసిండ్రా, వాళ్లే తీసేసిండ్రా?’ ఆ తండ్రి అడిగేదే అసలు ప్రశ్న. ‘మానేసిండు’ అంటే పని కొడుకుది, ‘తీసేసిండ్రు’ అంటే కంపెనీది. ‘లెట్ గో’ ఈ రెంటి మధ్య గీతను చెరిపేస్తుంది.

‘రిలీవ్ చేశారు’ అని రాసినా తప్పే. మన దగ్గర టీచర్లు బదిలీ అయినప్పుడూ రిలీవ్ అవుతారు. ‘బర్తరఫ్’ అంటే తప్పు చేసినందుకు తీసేశారని వినిపిస్తుంది. ‘సస్పెండ్’ అంటే ఉద్యోగం ఇంకా ఉన్నట్టే. కాబట్టి ఉత్తరంలో కారణం వెతుకుతాను. ‘రైట్‌సైజింగ్’, ‘రీస్ట్రక్చరింగ్’ అని ఉంటే, మనుషులను తగ్గిస్తున్నారన్నమాట. అప్పుడు ఇలా రాస్తాను: ‘సిబ్బందిని తగ్గిస్తున్నందున ఫలానా తేదీ నుంచి మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం.’ కారణం ఏమీ రాయకపోతే సొంతంగా కలపను. ‘కారణం రాయలేదు’ అని కింద విడిగా చెబుతాను.

కార్మికుడి కోవలోకి వచ్చి, కనీసం ఏడాది ఎడతెగకుండా పని చేసినవాళ్లను ఇలా తగ్గిస్తే, చట్టం ప్రకారం నెల ముందు నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారం. నాలుగేళ్లకు 60 రోజులది. తనంతట తాను రాజీనామా చేసినవాడికి ఈ పరిహారం లేదు. అందుకే ఉత్తరం వెనక ‘వాలంటరీ సెపరేషన్’ అనే రెండో కాగితం ఉందేమో తిప్పి చూడాలి. దానికి తెలుగు ‘నా ఇష్టంతోనే మానేస్తున్నాను’. సంతకం పెట్టకముందే ఆ పిల్లగాడికి ఈ వాక్యం చదివి వినిపించమని తండ్రికి చెబుతాను, కార్మిక శాఖ ఆఫీసులో గానీ వకీలుతో గానీ ఒకసారి మాట్లాడమంటాను.

అపోహ: ‘డిఫరెంట్లీ ఏబుల్డ్’ మర్యాద మాట కాబట్టి అర్జీలో అదే పెట్టాలి.

వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 నాటి చట్టంలో ఆ మాట లేదు. ‘వైకల్యం ఉన్న వ్యక్తులు’ అనే అర్థమిచ్చే మాటే ఉంది. తెలుగులో వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అన్నీ నడుస్తున్నాయి. చివరిది వింటే ఊళ్లో చాలామందికి బహుమతులు వచ్చిన పిల్లలు గుర్తొస్తారు. ఉన్నదున్నట్టు చెప్పడమంటే కుంటి, గుడ్డి అనడం కాదు, అవి తిట్లయిపోయాయి. ఎదుటి మనిషి తనను ఏమని చెప్పుకుంటే ఆ మాటే నాకు ముఖ్యం.

అర్జీలో మాత్రం సర్టిఫికెట్‌లో ఉన్న వైకల్యం పేరు, శాతం రాసి, ఆ కింద ఇబ్బంది రాయాలి. చాలా సౌకర్యాలకు చట్టం 40 శాతాన్ని గీతగా పెట్టింది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను బిగుసుకుపోయిన మనిషికి నేను రాసేది ఇలా ఉంటుంది: ‘ఫ్లోరోసిస్ వల్ల మోకాళ్లు వంగిపోయాయి. కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేను. మెట్లెక్కలేను, కాబట్టి నా దరఖాస్తు కింది అంతస్తులోనే తీసుకోగలరు.’