అట్టముక్క అదే, తిరిగే అంచు మారితే ఘనపరిమాణం ఎందుకు మారుతుంది?

3 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రాకారపు అట్టముక్క ఒకటి తీసుకుని, ఎడమవైపు 4 సెం.మీ. అంచుని ఒక వెదురు పుల్లకి అంటించి, పుల్లని రెండు అరచేతుల మధ్య పెట్టి గిర్రున తిప్పారనుకోండి. అట్ట కంటికి ఆనదు, దాని బదులు గాల్లో ఒక స్థూపం కనిపిస్తుంది. వ్యాసార్ధం 3, ఎత్తు 4 కాబట్టి దాని ఘనపరిమాణం π × 9 × 4, అంటే 36π ఘన సెంటీమీటర్లు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

ఇప్పుడు అదే అట్టని ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకి కర్ణం వెంట కత్తిరించండి. రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు సరిగ్గా కలిసిపోతాయి, ఒక్కోదాని వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. పుల్లని ఆనుకుని ఉన్న త్రిభుజాన్ని మాత్రమే ఉంచి తిప్పితే శంకువు వస్తుంది, ఘనపరిమాణం 12π. రెండోదాన్ని అది మొదట ఉన్నచోటే ఉంచి తిప్పితే, అంటే దాని పైమూల ఒక్కటే పుల్లని తాకుతూ, 4 సెం.మీ. అంచు మాత్రం పుల్లకి 3 సెం.మీ. దూరంలో నిలబడి ఉండేలా తిప్పితే, కింది నుంచి శంకువు ఆకారంలో తొలిచేసిన స్థూపం వస్తుంది. మొత్తం స్థూపం 36π, అందులో శంకువు 12π పోతే మిగిలేది 24π.

అట్టని సగానికి సగం కోశాం, తిప్పి చూస్తే మాత్రం ఒక సగానికి ఒక వంతు, ఇంకో సగానికి రెండు వంతులు వచ్చాయి. శంకువు సూత్రంలో కనిపించే ఆ మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. బడిలో మనకి దీన్ని నీళ్లు పోసి చూపిస్తారు, ఒకే భూమి, ఒకే ఎత్తు ఉన్న శంకువుతో మూడుసార్లు పోస్తే స్థూపం నిండుతుందని. నిజమే, కానీ అది మూడో వంతు అని చూపిస్తుందే తప్ప ఎందుకో చెప్పదు.

ఎందుకంటే, అట్ట మీద ఉన్న చుక్కలన్నీ ఒకే దూరం తిరగవు. పుల్లకి 1 సెం.మీ. దూరంలో ఉన్న చుక్క ఒక చుట్టులో 2π సెం.మీ. తిరుగుతుంది, 3 సెం.మీ. దూరంలో ఉన్నది 6π సెం.మీ. తిరుగుతుంది. అట్టని పుల్లకి సమాంతరంగా సన్నటి నిలువు పీలికలుగా ఊహించుకుంటే, పుల్ల దగ్గరి పీలిక చిన్న గొట్టాన్ని గీస్తుంది, అంతే పొడవున్న దూరపు పీలిక పెద్ద గొట్టాన్ని గీస్తుంది. మొదటి త్రిభుజంలో పొడుగు పీలికలన్నీ పుల్ల దగ్గరే ఉన్నాయి, దూరం పోయేకొద్దీ పొట్టివైపోతాయి. రెండోదానిలో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందుకే వైశాల్యం ఎంత అన్నదొక్కటే చాలదు, ఆ వైశాల్యం అక్షానికి ఎంత దూరంలో పరుచుకుని ఉందో కూడా చూడాలి.

ఆ దూరాన్ని ఒక్క సంఖ్యలో చెప్పేయొచ్చు. త్రిభుజాకారపు అట్టని వేలి కొన మీద పడిపోకుండా నిలబెట్టగలిగే చోటు ఒకటుంటుంది కదా, అదే దాని గురుత్వ కేంద్రం. ఏ త్రిభుజంలోనైనా అది ఒక్కో భుజం నుంచి, ఆ భుజం మీదికి గీసిన ఎత్తులో సరిగ్గా మూడో వంతు దూరంలో ఉంటుంది. మన మొదటి త్రిభుజం పుల్లని భుజంతో ఆనుకుని ఉంది, వెడల్పు 3, కాబట్టి కేంద్రం పుల్లకి 1 సెం.మీ. దూరంలో ఉంటుంది. రెండోదాని భుజం అవతలి వైపు ఉంది, అక్కణ్ణించి 1 సెం.మీ. లోపలికి వస్తే పుల్లకి 2 సెం.మీ. దూరం. వైశాల్యాన్ని ఆ కేంద్రం తిరిగే దూరంతో గుణించండి. మొదటిదానికి 6 × 2π × 1 = 12π, రెండోదానికి 6 × 2π × 2 = 24π. కోయని అట్టకి కేంద్రం నడిమధ్యన, 1.5 సెం.మీ. దూరంలో ఉంటుంది, 12 × 2π × 1.5 = 36π. మూడూ సరిపోయాయి.

ఈ నియమం చాలా పాతది. క్రీ.శ. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న పాపస్ దీన్ని చెప్పాడు, ఆ తర్వాత 17వ శతాబ్దంలో పాల్ గుల్డిన్ మళ్లీ వెలుగులోకి తెచ్చాడు, అందుకే ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తారు. అసలు శంకువునీ స్థూపాన్నీ తిప్పుడుతోనే నిర్వచించడం ఇంకా పాత పద్ధతి. యూక్లిడ్ తన 11వ పుస్తకంలో లంబకోణ త్రిభుజం ఒక భుజాన్ని కదలకుండా ఉంచి మొదలుపెట్టిన చోటికే వచ్చేదాకా తిప్పితే ఏర్పడేది శంకువు అనీ, దీర్ఘచతురస్రాన్ని అలా తిప్పితే స్థూపం అనీ రాశాడు. నా మటుకు నాకు మన పాఠాల్లో కూడా ఇక్కణ్ణించే మొదలుపెడితే బాగుంటుందనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు పిల్లలు వ్యాసార్ధం ఏది, ఎత్తు ఏది అని తడబడరు. పుల్లకి అంటుకున్న అంచు ఎత్తు, పుల్ల నుంచి దూరంగా చాచుకున్నది వ్యాసార్ధం.

ఇప్పుడు ఒకటే త్రిభుజం తీసుకుని పుల్లకి అంటించే భుజాన్ని మార్చి చూద్దాం. 3, 4, 5 భుజాలున్న మన త్రిభుజమే. 4 సెం.మీ. భుజాన్ని అంటిస్తే 12π వచ్చిందని చూశాం. 3 సెం.మీ. భుజాన్ని అంటిస్తే వ్యాసార్ధం 4, ఎత్తు 3 అవుతాయి, పొట్టిగా విచ్చుకున్న శంకువు వస్తుంది, ఘనపరిమాణం 16π. ఇక కర్ణాన్ని, అంటే 5 సెం.మీ. అంచుని అంటిస్తే వచ్చేది ఒక శంకువు కాదు, అడుగులు కలిపి అతికించిన రెండు శంకువులు, బొంగరాన్ని రెండువైపులా చెక్కినట్టు. లెక్క ఎక్కువమంది తప్పేది ఇక్కడే, ఎందుకంటే వ్యాసార్ధం 3 అనో 4 అనో వేసేస్తారు. అసలు వ్యాసార్ధం లంబకోణపు మూల నుంచి కర్ణం మీదికి ఉన్న దూరం. త్రిభుజం వైశాల్యం 6, అది 5 సెం.మీ. భూమినీ ఆ దూరాన్నీ గుణించి సగం చేస్తే వచ్చేది, కాబట్టి ఆ దూరం 12ని 5తో భాగిస్తే 2.4 సెం.మీ. రెండు శంకువుల ఎత్తులు విడివిడిగా కనుక్కోనక్కర్లేదు, రెండూ కలిపితే ఎలాగూ 5 అవుతాయి, రెండింటికీ అడుగు ఒకటే. అంచేత π × 2.4 × 2.4 × 5 ని 3తో భాగిస్తే 9.6π.

ఈ మూడు జవాబుల్నీ వాటి అక్షాల పొడవులతో గుణించి చూడండి. 3 × 16π, 4 × 12π, 5 × 9.6π, మూడూ 48π. ఏ త్రిభుజం తీసుకున్నా దాని మూడు భుజాలకీ ఇలాగే ఒకే సంఖ్య వస్తుంది. భుజం పొడుగైతే దాని మీద త్రిభుజం ఎత్తు తగ్గుతుంది, గురుత్వ కేంద్రం పుల్లకి దగ్గరవుతుంది, అది తిరిగే చుట్టు చిన్నదవుతుంది. కాబట్టి లెక్క వేయకుండానే చెప్పేయొచ్చు, అన్నింటికంటే పొట్టి భుజం చుట్టూ తిప్పితేనే పెద్ద ఘనపరిమాణం వస్తుంది. కర్ణం పొడుగు కాబట్టి దాని చుట్టూ తిప్పితే ఎక్కువ వస్తుందని మీ జవాబు అంటే, ఎక్కడో తప్పు జరిగిందని అక్కడే తెలిసిపోతుంది. దీర్ఘచతురస్రానికీ అంతే, 3 × 4 అట్టని 4 అంచు చుట్టూ తిప్పితే 36π, 3 అంచు చుట్టూ తిప్పితే 48π.

ఇక్కడ ఇంకో గందరగోళం ఉంది, కాగితాన్ని తిప్పడం వేరు, చుట్టడం వేరు. ఒక ఎ4 కాగితాన్ని, 21 సెం.మీ. ఎత్తు ఉండేలా, గొట్టంలా చుట్టి అంచులు కలిపితే 29.7 సెం.మీ. అంచు చుట్టుకొలత అవుతుంది, లోపల పట్టేది సుమారు 1,474 ఘన సెంటీమీటర్లు, ఒకటిన్నర లీటరు కన్నా కాస్త తక్కువ. అదే కాగితాన్ని 21 సెం.మీ. అంచు చుట్టూ తలుపులా తిప్పితే 29.7 వ్యాసార్ధం అవుతుంది, ఘనపరిమాణం 58 లీటర్లు దాటిపోతుంది. సుమారు 39.5 రెట్లు తేడా, కాగితం సైజు ఏదైనా ఈ నిష్పత్తి మారదు. ప్రశ్నలో చుట్టారో తిప్పారో చూడకుండా మొదలుపెడితే జవాబు ఇంత దూరం పోతుంది.

అక్షం అట్టని తాకకుండా బయట ఉన్నా నియమం పనిచేస్తుంది. బావుల్లో దించే సిమెంటు వరలు తెలుసు కదా. లోపలి వ్యాసం 90 సెం.మీ., గోడ మందం 5, ఎత్తు 30 అనుకుందాం. దాన్ని నిలువునా కోస్తే గోడ కోత 5 × 30 దీర్ఘచతురస్రం, వైశాల్యం 150. బావి నడిమధ్య గీత చుట్టూ ఆ దీర్ఘచతురస్రం తిరిగితే వర తయారవుతుంది. దాని కేంద్రం ఆ గీతకి 45కి 2.5 కలిపితే 47.5 సెం.మీ. దూరంలో ఉంది, ఒక చుట్టులో సుమారు 298.5 సెం.మీ. తిరుగుతుంది. 150తో గుణిస్తే దాదాపు 44,770 ఘన సెంటీమీటర్లు, అంటే సుమారు 45 లీటర్ల కాంక్రీటు. కాంక్రీటు ఘనమీటరుకి 2,400 కిలోల లెక్కన ఒక్కో వర 107 కిలోల పైమాటే. టేపు లోపలివైపు పెట్టి చుట్టుకొలత తీసి గుణిస్తే కాంక్రీటు తక్కువ పడుతుంది, బయట పెట్టి తీస్తే ఎక్కువ వస్తుంది, రెండింటి సగటు తీసుకుంటే మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు, దీర్ఘచతురస్రం కేంద్రం గోడ మందానికి నడుమన ఉంటుంది కాబట్టి కచ్చితమైన లెక్కే. గోడ కోత ఒకవైపు నిటారుగా ఉన్న త్రిభుజంలా, కింద మందంగా పైన సన్నగా ఉంటే ఈ సగటు పనికిరాదు, అప్పుడు కేంద్రం మూడో వంతు దగ్గరికి జరుగుతుంది.

నియమానికి ఒక హద్దు ఉంది, అక్షం ఆకారాన్ని రెండుగా చీల్చుకుంటూ పోకూడదు. 3 × 4 అట్టకి నడిమధ్యన నిలువుగా పుల్ల పెట్టి తిప్పితే గురుత్వ కేంద్రం పుల్ల మీదే ఉంటుంది, అది తిరిగే దూరం సున్నా, ఆ లెక్కన ఘనపరిమాణం కూడా సున్నా రావాలి. కానీ ఎదురుగా 1.5 సెం.మీ. వ్యాసార్ధం, 4 సెం.మీ. ఎత్తు ఉన్న స్థూపం కనిపిస్తూనే ఉంటుంది, 9π. ఎడమ సగం తిరిగిన చోటునే కుడి సగం కూడా తిరుగుతోంది కాబట్టి ఒక సగం మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. 6 చదరపు సెంటీమీటర్లు, కేంద్రం 0.75 దూరంలో, 6 × 2π × 0.75 = 9π. పుల్ల నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి ఉంటే వెడల్పు ఎక్కువున్న వైపు తిరిగే చోటులోనే రెండోవైపు కలిసిపోతుంది, అందుకని పెద్ద ముక్కని లెక్కపెట్టి చిన్నదాన్ని వదిలేయాలి. త్రిభుజం విషయంలో మాత్రం ఇంత తేలిక కాదు, పుల్ల గీత వెంట మడిచి చూస్తే ఒక ముక్క రెండోదాని బయటికి పొడుచుకు రావచ్చు. అప్పుడు మడిచాక రెండూ కలిసి కప్పిన ఆకారం మొత్తాన్ని, ఒకదాని మీద ఒకటి పడిన భాగాన్ని ఒక్కసారే లెక్కిస్తూ తిప్పాలి.