"ఆకలేస్తే తనే తింటుందిలే" అని ఆగకండి

నేను డైటీషియన్‌ని. ఇంట్లో ఎవరో పోయి, ఉన్నవాళ్లు చిక్కిపోతుంటే తీసుకొచ్చేవాళ్లు దాదాపు అందరూ అనే మాట ఇది: "బలవంతం చేయడం ఎందుకని వదిలేశాం మేడం, ఆకలేస్తే అడుగుతుంది కదా." అడగదండీ. బెంగలో, డిప్రెషన్‌లో చాలామందికి ఆకలి తెలియడమే ఆగిపోతుంది. తినడం తగ్గేకొద్దీ నీరసం పెరిగి, రెండు ముద్దలకే పొట్ట నిండినట్టు అనిపించి ఇంకా తగ్గుతుంది. అందుకే ఆకలిని కాదు, గడియారాన్ని చూసి పెట్టాలి.

పోయినేడు 62 ఏళ్ల ఒకావిడ వచ్చారు. భర్త పోయి ఆరు వారాలు. పెద్దకర్మ దాకా బంధువులెవరో ఒకరు దగ్గర కూర్చుని తినిపించారు, వాళ్లు వెళ్లాక రోజంతా రెండు టీలు, నాలుగు ముద్దల చారన్నం, అంతే. 58 కిలోల మనిషి 54కి దిగింది. నెలలో 5 శాతం తగ్గితేనే మేం తేలిగ్గా తీసుకోం, ఇది నెలన్నరలో దాదాపు 7 శాతం. పైగా తిండి లేకపోయినా షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం రోజూ వేసుకుంటోంది! పొద్దున్నే చెమటలు, వణుకు వస్తుంటే ఇంట్లోవాళ్లు బెంగే అనుకున్నారు, నిజానికి షుగర్ పడిపోతోంది. డాక్టర్‌గారు ముందు ఆ మాత్ర సంగతి చూశారు.

నేను చెప్పింది ఒక్కటే: నిండు పళ్లెం ముందు పెట్టొద్దు, రెండున్నర గంటలకోసారి చిన్న గిన్నె. రాగిజావ నీళ్లతో కాకుండా పాలతో, కాసేపాగి ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం అరకప్పు మెత్తటి పెసరపప్పు అన్నంలో చెంచా నెయ్యి, సాయంత్రం గ్లాసు పాలలో తీపి లేని పాలపొడి రెండు చెంచాలు, రాత్రి పెరుగన్నం. తినే ముందు టీ, పల్చటి మజ్జిగ వద్దు, వాటితోనే పొట్ట నిండిపోతుంది. పోపు వాసన పడకపోతే చల్లారాక పెట్టండి. కూతురు తన గిన్నె కూడా తెచ్చుకుని పక్కన కూర్చునేది, "తిను తిను" అనేది కాదు. మూడు వారాలకి బరువు దిగడం ఆగింది. ఆకలి మాత్రం రెండో నెల చివర్లో గానీ రాలేదు.

మా నాన్న పోయినప్పుడు ఇవన్నీ తెలిసిన నేనే వారం రోజులు కాఫీతో గడిపాను, పక్కింటి పిన్నిగారు గిన్నెడు ఉప్మా తెచ్చి నేను తినేదాకా కదలకుండా కూర్చోబట్టి సరిపోయింది.

అయిదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకపోతే మాత్రం ఒక్కసారిగా కడుపునిండా పెట్టేయకండి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు ఆసుపత్రిలో పరీక్ష చేయించాలి.

ఇక ఆకలి సిరప్‌లు. వాటిలో చాలావరకు ఉండే సైప్రోహెప్టడిన్ మత్తు తెస్తుంది, కొన్ని డిప్రెషన్ మందుల పనిని తగ్గిస్తుంది కూడా, షాపులో అడిగి కొనకండి. చిక్కిపోవడమంతా బెంగేనని కూడా తేల్చేయొద్దు, థైరాయిడ్, టీబీ ఉన్నాయేమో చూపించండి. నీళ్లు కూడా వద్దంటున్నా, బతకాలని లేదంటున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట్లాడటానికి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.