కొలొనోస్కోపీ రిపోర్ట్: ‘పాలిప్స్ తీశాం, బయాప్సీకి పంపాం’ అంటే చాలదు

“డాక్టర్ గారూ, నాన్నగారికి కాన్సర్ పేగులో ఎక్కడ ఉందండీ?” అంటూ ఒక అబ్బాయి నా టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి వేరే ఊళ్లో చేయించిన కొలొనోస్కోపీ రిపోర్ట్, అంటే మలద్వారం గుండా స్కోప్ పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్షది. ‘సీకమ్ వరకు చూశాం. మూడు పాలిప్స్ కనిపించాయి, తీసేశాం. బయాప్సీకి పంపాం. నిర్ధారణ: పాలిప్స్’ అని నాలుగు ముక్కల్లో ఉంది. సీకమ్ అంటే పెద్దపేగు మొదలు, పాలిప్ అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె. రెండోది పాథాలజీ రిపోర్ట్. ఒకే సీసాలో వచ్చిన ముక్కల్లో చాలావరకు అడినోమా, అంటే ఇంకా కాన్సర్ కానిది, ఒక ముక్కలో మాత్రం కాన్సర్, అది అంచుల దాకా ఉందో లేదో చెప్పలేం అని రాసింది. ఆ ముక్క మూడింట్లో ఏ పాలిప్‌దో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినా తేలలేదు. తేలకుండా పేగు కుడివైపు కోయాలో ఎడమవైపు కోయాలో సర్జన్ ఎలా చెప్తారు?

అపోహ: బయాప్సీకి పంపామని రాస్తే చాలు, ముక్కలన్నీ ఒకే సీసాలో వేయొచ్చు.

రోగులకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. సీసాలు పెరిగితే ల్యాబ్ బిల్లు పెరుగుతుందని భయపడతారు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. ఒకే భాగంలోని చిన్న పాలిప్స్, చూడ్డానికి ఒకేలా ఉన్నవి, ఒక సీసాలో వేస్తే పెద్దగా నష్టం లేదు. వేరే భాగంలోదైతే వేరే సీసా. పెద్దది, అనుమానంగా ఉన్నదైతే దానికి తప్పకుండా విడి సీసా. సీసా మీద రాసిన నంబరే రిపోర్ట్‌లో ఆ పాలిప్ పక్కన కూడా ఉండాలి.

అదే పరీక్షను నేను రాసి ఉంటే, చిన్నపేగు చివర నుంచి మలద్వారం వైపు భాగాల వరుసలో, ఇలా ఉండేది:

టెర్మినల్ ఐలియం: మామూలుగా ఉంది.
సీకమ్: అపెండిక్స్ రంధ్రం, ఐలియోసీకల్ వాల్వ్ కనిపించాయి. ఫొటోలు తీశాం.
అసెండింగ్: 4 మి.మీ. పాలిప్, కోల్డ్ స్నేర్‌తో, అంటే కరెంటు వాడని తీగ ఉచ్చుతో, ఒకే ముక్కగా తీశాం. సీసా 1.
ట్రాన్స్‌వర్స్: 5 మి.మీ. పాలిప్, అదే పద్ధతి. సీసా 2.
డిసెండింగ్: మామూలుగా ఉంది.
సిగ్మాయిడ్: 18 మి.మీ. పాలిప్, మధ్యలో గుంట. ముక్కలుగా తీశాం. సీసా 3. దానికి కింద, అంటే మలద్వారం వైపు, టాటూ వేశాం.
రెక్టమ్: మామూలుగా ఉంది.

టాటూ అంటే తర్వాత ఆ చోటు దొరికేలా పేగు గోడలో వేసే సిరా గుర్తు. ‘ఒకే ముక్కగా’, ‘ముక్కలుగా’ అన్న మాటలు వదలకూడదు. పాలిప్‌లో కాన్సర్ బయటపడినా, అది ఒకే ముక్కగా వచ్చి, అంచులు శుభ్రంగా ఉండి, మిగతా చెడు లక్షణాలేవీ లేకపోతే కొందరికి ఆపరేషనే అక్కర్లేదు. ముక్కలుగా వస్తే అంచు సంగతి చెప్పడం పాథాలజిస్టుకు కష్టం.

ఆ పెద్దాయనకు మళ్లీ పేగు శుభ్రం చేయించి స్కోప్ వేశాను. మూడు వారాలు గడిచాయి కాబట్టి పాలిప్స్ తీసినచోట మిగిలే చిన్న మచ్చలు మాసిపోతాయేమోనని టెన్షన్‌గానే ఉంది. రెండే కనిపించాయి. సిగ్మాయిడ్‌లోని మచ్చ అంచున చిన్న బుడిపె మిగిలి ఉంది. ముక్క తీసి విడి సీసాలో పంపాను, టాటూ వేశాను. కాన్సర్ అక్కడే అని తేలింది, ఆపరేషన్ అయింది. ఆ బుడిపె కూడా మిగలకపోయి ఉంటే ఆ అబ్బాయి అడిగినదానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

అపోహ: ‘60 సెం.మీ. దగ్గర పాలిప్’ అంటే చోటు తెలిసిపోతుంది.

తెలియదు. అది స్కోప్ మలద్వారం నుంచి ఎంత లోపలికి వెళ్లిందన్న కొలత మాత్రమే. స్కోప్ లోపల లూప్ కడితే, అంటే చుట్ట తిరిగితే, 60 దగ్గర ఇంకా సిగ్మాయిడ్‌లోనే ఉండొచ్చు. తిన్నగా ఉంటే సీకమ్‌కు చేరడానికి 70, 80 చాలు. సెం.మీ. లెక్క నమ్మదగ్గది రెక్టమ్‌లోనే. మిగతా చోట్ల భాగం పేరు రాయాలి, ఆపరేషన్ అవసరం పడొచ్చని అనిపిస్తే టాటూ వేయాలి.

అపోహ: బాగున్న భాగం గురించి రాయనక్కర్లేదు.

రాయకపోతే అది బాగుందో, అసలు చూడలేదో చదివేవాళ్లకు తెలియదు. పేగు ఎంత శుభ్రంగా ఉందో చెప్పే బోస్టన్ స్కోర్ కూడా కుడి, మధ్య, ఎడమ భాగాలకు విడివిడిగా వేయాలి.

అపోహ: బయాప్సీ తీశారంటే కాన్సరే.

కాదు. దయచేసి పక్కింటివాళ్ల మాట విని రాత్రుళ్లు నిద్ర మానుకోకండి. పేగు మామూలుగా కనిపించినా, దీర్ఘకాలంగా విరేచనాలు అవుతుంటే బయాప్సీ తీస్తాం.

అపోహ: చివర ‘పాలిప్స్’ అని రాస్తే అదే నిర్ధారణ.

పైన రాసిందే కింద మళ్లీ రాయడం అది. పై పరీక్షకు నేనైతే చివర ఇలా రాస్తాను: ‘మూడు పాలిప్స్ తీశాం. సిగ్మాయిడ్‌లోనిది కాన్సర్ కావచ్చని అనుమానం, టాటూ వేశాం. సీసా 3 ఫలితం రాగానే సర్జన్‌తో మాట్లాడాలి. మళ్లీ కొలొనోస్కోపీ ఎప్పుడన్నది మూడు సీసాల ఫలితాలు చూశాక ఇదే రిపోర్ట్‌లో చేరుస్తాం.’ ఆ చేర్చడం మరచిపోకుండా ఉండాలని ఫలితాలు రావాల్సిన సీసా నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఫలితం వచ్చి రోగికి ఫోన్ చేశాకే ఆ నంబరు కొట్టేస్తాను.